డెబ్బై సెకన్లలో ఒక్క పని

(మా పట్టణ గ్రంథాలయంలో ఆదివారం ఉదయం ఉద్యోగార్థుల కోసం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినిపిస్తోందా? బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఈ ఫ్యాను సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ముందే ఒక మాట. నేను ఉద్యోగాలు ఇచ్చేవాణ్ని కాను. 18 ఏళ్లు పెళ్లి వీడియోలు తీశాను. ముహూర్తం వేళ కరెంటు పోతే ఏం చేయాలో నాకు తెలుసు. ఉద్యోగానికి పంపే వీడియో గురించి మాత్రం మా మేనకోడలి దగ్గర నేర్చుకున్నాను. ఆమె ఒక కంపెనీలో మనుషులను ఎంపిక చేసే విభాగంలో పని చేస్తుంది. ఆ మధ్య సంక్రాంతికి వచ్చి, వసారాలో కూర్చుని ఫోనులో వీడియోలు చూస్తోంది. ఒకటి పూర్తి కాకుండానే ఇంకొకటి తెరుస్తోంది. నాకు మనసు చివుక్కుమంది. పాపం, ఎవరో కష్టపడి తీసి పంపారు కదా, పూర్తిగా చూడవేమమ్మా అన్నాను. ఆమె ఫోను నా చేతిలో పెట్టి, 'మామయ్యా, నువ్వే చూసి చెప్పు, ఈ అబ్బాయికి ఏ పని వచ్చు?' అంది.

చూశాను. అబ్బాయి చక్కగా ఉన్నాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. నాన్నగారు ఏం చేస్తారో చెప్పాడు. పదో తరగతిలో ఎంత వచ్చింది, ఇంటర్లో ఎంత వచ్చింది, డిగ్రీ ఎక్కడ చదివాడు. కష్టపడే స్వభావం ఉందన్నాడు, జట్టుతో కలిసి పని చేస్తానన్నాడు. ఇంతకీ ఏ పని వచ్చు? నిమిషంన్నర అయినా నాకు తెలియలేదు. మీకు తెలిసిందా? చెప్పిందంతా రెజ్యూమెలో ఉన్నదే. కాగితం మీద పది సెకన్లలో చదివేసే సంగతిని అతను నిమిషంన్నర చదివి వినిపించాడు.

అందుకని ఈ పూట కెమెరా సంగతి వెంటనే ఎత్తను. ముందు కాగితం, తర్వాత కిటికీ, ఆ తర్వాతే ఫోను. ఈ వరసలో చేస్తే పని ఒక పూటలో అవుతుంది. ఫోనుతో మొదలుపెట్టిన వాళ్లు సాయంత్రానికి నలభై సార్లు తీసి, నలభై ఒకటోది ఏడుపు ముఖంతో పంపుతారు. నవ్వకండి, మా స్టూడియోకు అలాగే వస్తారు.

కాగితం దగ్గర వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ప్రకటనలో వాళ్లు అడిగిన పనుల్లో, నేను నా చేతులతో చేసిన పని ఏది? ఒక్కటి చాలు. మూడు వద్దు. మూడు చెబితే మూడూ పైపైన తేలిపోతాయి.

కిందటి నెలలో ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఎందుకు లెండి. బీకాం చదివింది, ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణంలో 14 నెలలు లెక్కలు రాసింది. ఇప్పుడు అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. ఆమె రాసుకొచ్చిన పాఠం చదవమన్నాను, ఫోనులో గడియారం పెట్టాను. 2 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. దుకాణం అనే మాట ఎన్నో సెకనులో వచ్చిందో తెలుసా? 55వ సెకనులో. మా మేనకోడలు అప్పటికి రెండు వీడియోలు దాటి ఉంటుంది.

సరే, ఆ కాగితం పక్కన పెట్టమ్మా, దుకాణంలో ఒక నెలలో నువ్వు చేసే పని నాకు చెప్పు అన్నాను. ఇక చూడండి! ఎంత హాయిగా చెప్పిందో. బిల్లులు టాలీలో ఎక్కిస్తుందట. నెల నెలా 14వ తేదీ దాటాక జీఎస్టీ పోర్టల్‌లో 2బి అనే పట్టిక వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు ఏ ఏ బిల్లులు చూపించారో అందులో ఉంటుంది. దాన్ని తన కొనుగోలు ఖాతాతో పక్కపక్కన పెట్టి పోలుస్తుందట. ఎందుకమ్మా అంత శ్రమ అంటే, 'అందులో లేని బిల్లు మీద కట్టిన పన్నును మనం వెనక్కి తీసుకోలేం సార్' అంది. నాకు అర్థమైంది. లెక్కల సంగతి తెలియని పెళ్లి వీడియోల వాడికే అర్థమైంది. మరి ఈ మాట ఆమె రాసుకొచ్చిన కాగితంలో ఉందా? లేదు. కష్టపడే స్వభావం అని ఉంది.

అప్పుడు ఆమె మాటలతోనే మళ్లీ రాశాం. ఆమె అనుమతితో చదువుతున్నాను, వినండి.

'నమస్కారమండీ. నా పేరు ఫలానా. ఎరువుల దుకాణంలో 14 నెలలు లెక్కలు చూశాను. మీ అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. దుకాణంలో రోజుకు నలభై దాకా బిల్లులు టాలీలో ఎక్కించేదాన్ని. ప్రతి నెలా జీఎస్టీ 2బి పట్టికను మా కొనుగోలు ఖాతాతో పోల్చేదాన్ని. ఒక నెలలో 7 బిల్లులు తేడా వచ్చాయి. వాటిలో మూడు మేము రెండోసారి ఎక్కించినవి, తీసేశాను. మిగతా నాలుగు మాకు సరుకు అమ్మినవాళ్లు పోర్టల్‌లో చూపించనివి. వాళ్లకు ఫోను చేసి, తర్వాతి నెలలో చూపించేలా చేశాను. అప్పటి నుంచి తేడా వచ్చిన బిల్లులకు వేరే ఎక్సెల్ పట్టిక పెట్టుకున్నాను. ఆదాయపు పన్ను పని ఇంతవరకు చేయలేదు, నేర్చుకుంటున్నాను. మీ ప్రకటనలో జీఎస్టీ రిటర్నుల పని ఉందని చూశాను. ఆ లెక్కలు సరిచూడటం మొదటి రోజు నుంచే చేయగలను. ధన్యవాదాలు.'

అంతే. చదివితే 70 సెకన్లు. మొదటి పదిహేను సెకన్లలో మూడు సంగతులు వచ్చేశాయి, గమనించారా? ఎవరు, ఏ పని చేశారు, ఏ ఉద్యోగానికి అడుగుతున్నారు. ఆ తర్వాత ఒకే ఒక్క సంఘటన. ఏడు బిల్లుల కథ. చివర రాని పని ఏదో కూడా చెప్పింది. అది తీసేద్దామని ఆమె అంటే నేనే వద్దన్నాను. ముఖాముఖిలో ఎలాగూ అడుగుతారు, ముందే చెప్పినవాళ్ల మాట మీద మిగతాది నమ్ముతారు.

ఇందులో లేనివి కూడా చూడండి. దుకాణం పేరు లేదు, అమ్మినవాళ్ల పేర్లు లేవు. పాత యజమాని లెక్కలు బయట పెట్టేవాళ్లను కొత్త యజమాని ఎలా నమ్ముతాడు? పుట్టిన తేదీ లేదు, పెళ్లయిందో లేదో లేదు, ఇంటి చిరునామా లేదు, ఫోను నంబరు లేదు. వీడియో ఎవరి చేతుల్లోకి వెళ్తుందో మనకు తెలియదు కదా. నంబరు రెజ్యూమెలో ఉంటే చాలు.

నిడివి ఎంత ఉండాలని అందరూ అడుగుతారు. ప్రకటనలో చెబితే అది. చెప్పకపోతే 60 నుంచి 90 సెకన్లు. 'రెండు నిమిషాలు మించకూడదు' అని ఉంటే రెండు నిమిషాలు నింపాలని కాదు, అది గోడ, అక్కడిదాకా నడవాలని లేదు. మాటల్లో కొలవాలంటే, తెలుగులో తాపీగా మాట్లాడితే నిమిషానికి సుమారు డెబ్బై అయిదు మాటలు పడతాయి. ఇంగ్లీషు మాటలు పొట్టివి కాబట్టి 130 దాకా పడతాయి. నా లెక్క నమ్మకండి, మీ వేగం మీరే కొలుచుకోండి. కాగితం గట్టిగా చదవండి, గడియారం చూడండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, మనసు పరుగెడుతుంది. 90 దాటిందా? వేగంగా చదవకండి, వాక్యం కొట్టేయండి. ఏ భాషలో అంటారా? ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలో. ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే, కానీ మీ నోటికి వచ్చే చిన్న వాక్యాల్లో.

కాగితం అయింది. దాన్ని బట్టీ పట్టకండి. బట్టీ పడితే ఒక మాట జారగానే మొత్తం ఆగిపోతుంది, చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినట్లు. తెర మీద పెట్టుకుని చదువుతారు కొందరు. చదివేటప్పుడు కళ్లు ఎడమ నుంచి కుడికి వెళ్లి వస్తుంటాయి, చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ అమ్మాయి చేత నాలుగు మాటలు రాయించాను. దుకాణం, ఏడు బిల్లులు, రాని పని, మొదటి రోజు. పెద్ద అక్షరాలతో ఒక చీటీ, ఫోనుకు కాస్త కింద అంటించాం. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మధ్యలోది ప్రతిసారీ కొంచెం మారుతుంది, మారనివ్వండి.

ఇప్పుడు కిటికీ. ఇది నా రాజ్యం, కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఇంట్లో మనం ఎక్కడ కూర్చుంటాం? గదిలో అందమైన చోటు చూసుకుంటాం. వెనక కిటికీ, కర్టెను, బయట పూలకుండీ. తప్పు. కిటికీ వెనక ఉంటే కెమెరా ఆ వెలుగును చూసి మొత్తం చిత్రాన్ని చీకటి చేస్తుంది. పూలకుండీ బాగా పడుతుంది, మీరు నల్లటి నీడలా పడతారు. ఉద్యోగం పూలకుండీకి కాదు కదా! కిటికీ మీ ముందు ఉండాలి. ఫోను కిటికీకి వీపు పెట్టి, మీ వైపు చూడాలి. ఇంకా బాగుండాలంటే కుర్చీని కొంచెం తిప్పి, వెలుగు ముఖానికి ఏటవాలుగా పడేలా చూసుకోండి. అప్పుడు ముక్కు, చెంపలు బల్లపరుపుగా కాకుండా మనిషి ముఖంలా కనిపిస్తాయి. నీడ పడిన వైపు మరీ నల్లబడితే అటువైపు తెల్లని డ్రాయింగ్ చార్టు నిలబెట్టండి. వెలుగు దాని మీద పడి తిరిగి ముఖం మీదికి వస్తుంది. మా పెళ్లిళ్లలో పెద్ద తెల్ల గొడుగులు చూసి ఉంటారు. దీపం వెలుగును అవి పరచినట్లే ఇక్కడ కిటికీ వెలుగును ఈ చార్టు పరుస్తుంది.

ఎండ నేరుగా ముఖం మీద పడకూడదు. కళ్లు చిట్లిస్తారు, నుదురు మెరుస్తుంది. ఉత్తరం కిటికీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, అందులోకి ఎండ నేరుగా రావడం తక్కువ, వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది. తూర్పు కిటికీ అయితే ఎండ పైకెక్కాక, పడమటి కిటికీ అయితే ఉదయం పూట. తప్పకపోతే కిటికీకి తెల్లని పంచె కట్టండి. నాన్నగారి పంచె. అది చేసే పని కొనుక్కొచ్చే సామానేదీ అంతకన్నా గొప్పగా చేయదు.

ట్యూబ్ లైటు ఆపేయండి. ఎందుకంటే ఒకటి, పైనుంచి పడే వెలుగు కళ్ల కింద గుంటలు చేస్తుంది. రెండు, వీడియోలో అడ్డ చారలు పాకుతుంటాయి, చూశారా ఎప్పుడైనా? మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబు, చాలా చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. 30 పెట్టి 100ని భాగించండి, నిశ్శేషంగా పోదు. అందుకే ఒక్కో ఫ్రేములో చారలు ఒక్కో చోట పడి పాకుతున్నట్లు కనిపిస్తాయి. మేము పెళ్లి కెమెరాలో 25 పెట్టుకుంటాం, అది సరిగ్గా పోతుంది. రాత్రే తీయక తప్పని వాళ్లు ఫోను సెట్టింగుల్లో 25 ఫ్రేములు దొరికితే పెట్టుకోండి. దొరకకపోతే తెల్లారేదాకా ఆగండి.

ఫ్యాను సంగతి చెబుతానన్నాను. తిరిగే ఫ్యానుకు పైన లైటు ఉందనుకోండి, రెక్కల నీడ ముఖం మీద టపటపలాడుతుంది. తీసేటప్పుడు ఎవరికీ కనిపించదు, వీడియోలో తలనొప్పి తెప్పిస్తుంది. పైగా హోరు. డెబ్బై సెకన్లు చెమట పట్టినా ఫరవాలేదు, ఆపండి.

ఇంకొకటి, ఇది కాస్త కోపంగానే చెబుతాను. ఫోను చిత్రంలోని వెలుగంతటినీ కలిపి సగటు తీస్తుంది. వెనక తెల్లగోడ ఉంటే అబ్బో చాలా వెలుగుంది అనుకుని మొత్తం తగ్గిస్తుంది. చామనఛాయ ముఖాలు, నల్లని ముఖాలు ఇంకా చీకటిలోకి పోతాయి. అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? అందం పెంచే ఫిల్టరు పెడతారు. ముఖం పిండి బొమ్మ అవుతుంది. రేపు ముఖాముఖికి వెళ్లినప్పుడు వేరే మనిషి వచ్చాడనుకుంటారు. తప్పు ముఖానిది కాదు, గోడది. లేత ఆకుపచ్చో, మీగడ రంగో ఉన్న గోడ వెతకండి, దానికి ఒక మీటరు ముందు కూర్చోండి. ఆపైన ఇంకొకరి చేత తెరలో మీ ముఖం మీద వేలు అలాగే నొక్కి పట్టించండి. ఐఫోనులో పైన AE/AF LOCK అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం బొమ్మ వస్తుంది. పక్కన సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరిపితే ముఖం వెలుగుతుంది. తాళం వేయకపోతే ఏమవుతుంది? మీరు చెయ్యి ఊపినప్పుడల్లా వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఇక ఫోను. ఇది త్వరగా చెప్పేస్తాను. కెమెరా అద్దం తుడవండి ముందు. జేబులో ఉన్న ఫోను అద్దం మీద మన వేలిముద్రలే ఉంటాయి, చిత్రం పొగమంచులా వస్తుంది. ఫోను అడ్డంగా పెట్టండి, ప్రకటనలో నిలువుగా అడిగితే తప్ప. ఎత్తు మీ కళ్లకు సమానంగా. బల్ల మీద పెట్టేస్తే ముక్కు రంధ్రాలు, పైన ఫ్యాను పడతాయి. బల్ల మీద బియ్యం డబ్బా, దాని మీద పుస్తకాలు పెడితే ఎత్తు సరిపోతుంది. దూరం మీటరుకు కాస్త ఎక్కువ. మరీ దగ్గరైతే ముక్కు పెద్దదవుతుంది. చిత్రంలో ఛాతీ మధ్య నుంచి తల దాకా ఉండాలి, తల పైన నాలుగు వేళ్ల మేర ఖాళీ చాలు. చిత్రాన్ని మూడు అడ్డ భాగాలు చేస్తే పై గీత మీద కళ్లు ఉండాలి. కెమెరా సెట్టింగుల్లో గీతల గడి పెట్టుకుంటే ఇది ఊహించాల్సిన పని లేదు. సన్న చారల చొక్కా వద్దు, తెరమీద ఆ చారలు మెలికలు తిరుగుతాయి. కళ్లద్దాల్లో కిటికీ మెరుస్తుంటే కాడలను చెవుల దగ్గర కొంచెం పైకెత్తండి, అద్దాలు కిందికి వాలి మెరుపు తప్పుకుంటుంది.

వెనక కెమెరాతో తీయండి, అది సాధారణంగా ముందుదానికన్నా బాగా తీస్తుంది. కానీ అప్పుడు మిమ్మల్ని మీరు చూసుకోలేరు. అదే మంచిది! ముందు కెమెరా పెట్టుకుంటే కళ్లు మన ముఖం మీదికే పోతాయి, చూసేవాళ్లకు పక్కకు చూస్తున్నట్లు ఉంటుంది. మరి చిన్న అద్దాన్ని చూస్తూ మాట్లాడటం ఎలా? ఆ అమ్మాయి మంచి ఉపాయం పట్టింది. నుదుటి స్టిక్కరు బొట్టు ఒకటి తీసి కెమెరా అద్దం పక్కనే అంటించింది, అద్దం మీద కాదు సుమా. ఆ బొట్టుతో మాట్లాడింది. పద్దెనిమిదేళ్లలో నాకు తట్టలేదు.

ధ్వని గురించి ఒక్క ముక్క. ఖాళీ గదిలో చప్పట్లు ఒకసారి కొట్టి చూడండి. గణగణమని తిరిగి వస్తే ఆ గది వద్దు. మంచం, పరుపు, బట్టలు ఉన్న గది మేలు. తీగ ఉన్న ఇయర్‌ఫోను ఉంటే దాని మైకు మెడ దగ్గరికి రానివ్వండి, తీగను దుస్తుల చాటున నడపండి. మైకు బట్టకు రాసుకోకుండా చూడండి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, కుక్కరు మూడో విజిల్ అయ్యాక మొదలుపెట్టండి.

పది సెకన్లు తీసి, ఆపి, చూసుకోండి. ముఖం కనిపిస్తోందా, మాట వినిపిస్తోందా, అంతవరకే. తర్వాత అయిదు సార్లు తీయండి. అయిదే. ఆరోసారికి ముఖంలో జీవం పోతుంది, పెళ్లికూతుళ్లను చూశాను కదా, నాకు తెలుసు. ఆ అమ్మాయికి మూడోది బాగా వచ్చింది. అందులో ఒకచోట 'నాలుగు' అనబోయి 'మూడు' అని, దిద్దుకుని చెప్పింది. మళ్లీ తీద్దామంది. వద్దన్నాను. లెక్కల మనిషి అంకె దిద్దుకోవడం తప్పా? ముందు రెండు సెకన్లు, చివర రెండు సెకన్లు మౌనంగా కూర్చోండి, కత్తిరించడానికి చోటు ఉంటుంది. పాట వద్దు, ఎగిరే అక్షరాలు వద్దు.

పంపడం దగ్గర చాలామంది దెబ్బ తింటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే అది మొదట Restricted అని ఉంటుంది. అవతలివాళ్లు తెరిస్తే అనుమతి అడగమంటుంది. ఎవరు అడుగుతారు? Anyone with the link అని మార్చండి. మార్చాక, మీ ఖాతా లేని వేరే ఫోనులో ఆ లింకు తెరిచి చూడండి. ఫైలు పేరు కూడా మార్చండి, వాళ్ల దగ్గర వందల వీడియోలుంటాయి. మీ పేరు, ఉద్యోగం పేరు ఉంటే చాలు. ఉద్యోగం సంగతి తేలాక లింకు మూసేయడం మరచిపోకండి.

ఎవరో అడిగారు, వీడియో అడగని చోటుకూ పంపమంటారా అని. నన్నడిగితే వద్దు. ముఖం, వయసు చూసి ఏదో అనుకుంటామేమోనని కావాలనే వీడియోలు తీసుకోని కంపెనీలు ఉన్నాయని మా మేనకోడలు చెప్పింది. అడిగినచోటికే పంపండి.

సరే, పదిన్నర అయింది. ఎండ పైకెక్కింది, ఇప్పుడు ఆ తూర్పు కిటికీ దగ్గర వెలుగు బాగుంటుంది. లైబ్రేరియన్ గారు ఆ బీరువా పక్క కుర్చీ ఇస్తామన్నారు, పంచె నేను తెచ్చాను. కాగితం రాసుకొచ్చినవాళ్లు ఎవరు? చేతులెత్తండి. నువ్వు రామ్మా, ముందు గడియారం పెట్టి చదువు.